బ్యాటింగ్ ఆర్డర్: కెప్టెన్ జట్టుకు చెప్పే లెక్క

క్రికెట్‌లో ఒక జట్టు తరఫున ఎవరి తర్వాత ఎవరు బ్యాటింగ్‌కు దిగాలో చెప్పే వరుసను బ్యాటింగ్ ఆర్డర్ అంటారు. ఆటకు ముందు జరిగే జట్టు సమావేశంలో కెప్టెన్ ఈ వరుసను ప్రకటిస్తాడు. పెద్ద స్థాయిలో కోచ్, విశ్లేషకుడు కూడా పక్కనుంటారు. కింది స్థాయిలో కెప్టెన్ ఒక్కడే ప్యాడ్ల బస్తా మీద కూర్చుని పేర్లు చదువుతాడు. ఎక్కడైనా చెప్పాల్సింది ఒకటే: నువ్వు ఫలానా స్థానంలో ఎందుకు దిగుతున్నావు, దిగాక నీ పని ఏమిటి, పరిస్థితి మారితే నీ స్థానం ఎటు జరుగుతుంది.

క్రికెట్ నిబంధనల్లో బ్యాటింగ్ ఆర్డర్‌ను కట్టిపడేసే నియమం ఏదీ లేదు. టాస్‌కు ముందు కెప్టెన్ పదకొండు మంది పేర్లు ఇవ్వాలి గానీ, వాళ్లు ఏ వరుసలో దిగుతారో చెప్పనక్కర్లేదు. వికెట్ పడ్డాక కూడా మనసు మార్చుకోవచ్చు. అందుకే స్కోరు పుస్తకంలో కనిపించే వరుసకూ, పొద్దున కెప్టెన్ చెప్పిన వరుసకూ తేడా వస్తుంటుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో వెతికితే కెప్టెన్ తల ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

వీధి క్రికెట్‌లో ఆర్డర్ వేరే లెక్కతో నడుస్తుంది. బ్యాటు ఎవరిదైతే వాడే ఓపెనర్. పెద్దవాడు వన్‌డౌన్, పిల్లవాడు చివర. ఈ అలవాటు పెద్దయ్యాక కూడా చాలామందిని వదలదు. ఆర్డర్‌ను హోదా జాబితాగా చూడటం, పై నుంచి కిందికి దిగితే అవమానంగా భావించడం అందులోంచే వస్తాయి. కెప్టెన్ మాటల్లో సగం ఈ అపోహను తీసేయడానికే ఖర్చవుతాయి.

స్థానం అంటే పని

ఆర్డర్‌లో ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న అంకెలను మనుషుల దిక్కు నుంచి కాకుండా బంతి దిక్కు నుంచి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కొత్త బంతి గట్టిగా, నున్నగా ఉంటుంది. దాని కుట్టు పొంగి ఉంటుంది. గాలిలో వంగుతుంది, పిచ్ మీద పడి పక్కకు జరుగుతుంది. ఇరవై, పాతిక ఓవర్లు గడిచేసరికి మెత్తబడుతుంది. ఆ తర్వాత స్పిన్నర్లు వస్తారు. టెస్టుల్లో 80 ఓవర్లు పూర్తయ్యాక ఫీల్డింగ్ కెప్టెన్ మళ్లీ కొత్త బంతి తీసుకోవచ్చు. ఈ మార్పుల్లో ఏ దశను ఎవరు ఎదుర్కోవాలన్నదే ఆర్డర్.

ఓపెనర్ల పని కొత్త బంతిని పాతబరచడం. టెస్టుల్లో ఇది అక్షరాలా నిజం. దీనికి మంచి ఉదాహరణ ఆంధ్ర క్రికెటర్ హనుమ విహారి. 2018 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మొదలైన టెస్టుకు భారత జట్టు తన ఓపెనర్లిద్దరినీ తప్పించింది. మిడిలార్డర్‌లో ఆడే విహారిని మయాంక్ అగర్వాల్‌కు జోడీగా పంపింది. విహారి చేసింది 8 పరుగులే. కానీ అందుకు 66 బంతులు ఆడాడు. తొలి వికెట్ పడేసరికి దాదాపు 19 ఓవర్లు గడిచాయి. ఆ తర్వాత వన్‌డౌన్ వచ్చిన చెతేశ్వర్ పుజారా పదును తగ్గిన బంతితో కుదురుకుని సెంచరీ కొట్టాడు. జట్టు 7 వికెట్లకు 443 దగ్గర డిక్లేర్ చేసి, చివరికి 137 పరుగుల తేడాతో గెలిచింది. స్కోరుబోర్డు చూసినవాడికి విహారి విఫలమైనట్టే. ఆ రోజు అతనికి అప్పగించిన పని చూస్తే ఆ మాట చెల్లదు. తర్వాతి టెస్టులో అతను మళ్లీ ఆరో స్థానానికి వెళ్లాడు.

వన్‌డౌన్ అంటే మూడో స్థానం. దీనిది ఒక వింత. ఆ ఆటగాడు రెండో బంతికే దిగాల్సి రావచ్చు, ఓపెనర్లు కుదురుకుంటే రెండు గంటలు ప్యాడ్లు కట్టుకుని కూర్చోనూ వచ్చు. మొదటి సందర్భంలో అతను మూడో ఓపెనర్, రెండో సందర్భంలో మిడిలార్డర్ బ్యాటర్. రెండు వేషాలూ వేయగలిగినవాడు జట్టుకు ఒక్కడు దొరకడమే కష్టం. నాలుగు, ఐదు స్థానాలు ఇన్నింగ్స్‌ను నడిపేవి. స్పిన్‌ను బాగా ఆడేవాళ్లు, ఒకటీ రెండూ తీస్తూ ఫీల్డర్లను కదిలించేవాళ్లు అక్కడ సరిపోతారు. ఆరు, ఏడు స్థానాల్లో వికెట్ కీపర్, ఆల్‌రౌండర్ ఉంటారు. టెస్టులో వాళ్లు తోకను వెంటేసుకుని బ్యాటింగ్ చేయాలి. పరిమిత ఓవర్లలో వచ్చీ రాగానే బాదాలి. పైన బాగా ఆడేవాడు కింద ఆడలేకపోవడానికి కారణం నైపుణ్యం తక్కువై కాదు. కుదురుకోవడానికి పదిహేను బంతులు అవసరమైనవాడికి అక్కడ పదిహేను బంతులు దొరకవు.

టీ20కి వచ్చేసరికి ఈ అంకెల అర్థమే మారిపోతుంది. ఇన్నింగ్స్‌లో ఉన్నవి 120 బంతులు. మొదటి ముగ్గురే 90 ఆడేస్తే మిగిలిన ఎనిమిది మందికి 30 మిగులుతాయి. అందుకే టీ20 కెప్టెన్ ‘నువ్వు నంబర్ ఫైవ్’ అని చెప్పి ఊరుకోడు. ‘పన్నెండో ఓవర్ దాటాక వికెట్ పడితే నువ్వు, అంతకు ముందే పడితే అతను’ అంటాడు. స్థానాన్ని వికెట్లతో కాకుండా మిగిలిన ఓవర్లతో కొలుస్తాడు. ఇలా అటూ ఇటూ జరిగే ఆటగాణ్ని ఫ్లోటర్ అంటారు.

ఫామ్ అంటే పరుగులు మాత్రమే కాదు

పత్రికల్లో ఫామ్ అంటే గత ఐదు ఇన్నింగ్స్‌ల స్కోర్లు. కెప్టెన్ చూసేది ఇంకొంచెం లోపలికి. ఎలా ఔటయ్యాడు? రనౌటై, బౌండరీ దగ్గర క్యాచ్ ఇచ్చి తక్కువ స్కోర్లు చేసినవాడు ఫామ్ కోల్పోయినట్టు కాదు. అరవై చేసి, అందులో మూడుసార్లు స్లిప్‌లో క్యాచ్ జారవిడిస్తే బతికినవాడు ఫామ్‌లో ఉన్నట్టూ కాదు. కాలు బంతి దగ్గరికి వెళుతోందా, వదిలేయాల్సిన బంతిని వదిలేస్తున్నాడా, నెట్స్‌లో బ్యాటు చప్పుడు ఎలా ఉంది వంటివి కెప్టెన్‌కు స్కోర్ల కంటే ఎక్కువ చెబుతాయి.

ఫామ్‌ను బట్టి ఆర్డర్ మార్చిన ఘట్టాల్లో 2001 మార్చి నాటి కోల్‌కతా టెస్టును మించింది బహుశా లేదు. స్టీవ్ వా నాయకత్వంలోని ఆస్ట్రేలియా ముంబయి టెస్టును పది వికెట్ల తేడాతో గెలిచి ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో 445 చేసింది. భారత్ 171కే కూలిపోయింది. ఆ 171లో 59 పరుగులు ఆరో స్థానంలో దిగిన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్‌వి. షేన్ వార్న్ బంతులను అతను ఆడిన తీరు మిగతావాళ్ల ఆటకు భిన్నంగా ఉంది. చివరి వికెట్‌గా ఔటై లోపలికి వచ్చాడు. ఫాలోఆన్. ఇన్నింగ్స్‌ల మధ్య ఉండేది పది నిమిషాలే. లక్ష్మణ్ ఇంకా ప్యాడ్లు విప్పకముందే, వాటిని అలాగే ఉంచుకో, ఈసారి నువ్వు వన్‌డౌన్ అని కోచ్ జాన్ రైట్ చెప్పాడు. మూడులో ఆడుతున్న రాహుల్ ద్రవిడ్ ఆరుకు వెళ్లాడు. కెప్టెన్ సౌరవ్ గంగూలీ.

ఈ మార్పులో రెండు లెక్కలున్నాయి. కనిపించేది లక్ష్మణ్ ఫామ్. బాగా ఆడుతున్నవాడికి ఎక్కువ సమయం, ఎక్కువ మంది జోడీలు దొరకాలి. ఆరో స్థానంలో దిగితే అవతలి వైపు తోక మాత్రమే మిగులుతుంది, మొదటి ఇన్నింగ్స్‌లో జరిగింది అదే. రెండో లెక్క ద్రవిడ్‌ది. ఆ సిరీస్‌లో అప్పటిదాకా అతనికి పెద్ద స్కోరు లేదు. కొత్త బంతి బాధ్యత భుజం మీంచి దించి, బంతి పాతబడ్డాక పంపడం అతనికీ మేలే. ఒకర్ని పైకి తెచ్చే నిర్ణయం ఇంకొకర్ని కిందికి దించే నిర్ణయం కూడా. మంచి కెప్టెన్ ఆ రెండోదాన్ని శిక్షలా కాకుండా పనిలా చెబుతాడు.

52 పరుగుల దగ్గర తొలి వికెట్ పడగానే లక్ష్మణ్ దిగాడు. 232 దగ్గర నాలుగో వికెట్‌గా గంగూలీ వెళ్లిపోయాక ద్రవిడ్ వచ్చాడు. నాలుగో రోజు, అంటే మార్చి 14న, ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఔట్ కాకుండా ఆడి, ఒక్క రోజులో 335 పరుగులు చేర్చారు. ఐదో వికెట్ భాగస్వామ్యం 376. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. భారత్ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసింది. ఆఖరి రోజు హర్భజన్ సింగ్ ఆరు వికెట్లు తీశాడు, ఆస్ట్రేలియా 212కు ఆలౌటైంది. గెలుపు తేడా 171 పరుగులు, మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ చేసిన స్కోరంత.

దీన్ని చూసి ఆర్డర్ మార్చితే చాలు అద్భుతాలు జరుగుతాయని అనుకోకూడదు. లక్ష్మణ్‌నే అంతకు ముందు కొన్నేళ్లు ఓపెనర్‌గా ఆడించారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టినా ఆ స్థానం తనది కాదని అతనికి అనిపించింది. ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పాడు. ఆటగాడు మనసులో ఒప్పుకోని స్థానం కాగితం మీద ఎంత బాగున్నా నిలవదు.

దీనికి తలకిందుల కథలూ ఉన్నాయి, అంటే ఆటగాడే అడిగి తీసుకున్నవి. 1994 మార్చి 27న ఆక్లాండ్‌లో న్యూజిలాండ్‌తో వన్డేకు ఓపెనర్ నవజోత్ సిద్ధూ మెడ పట్టేసింది. నన్ను పంపండని సచిన్ టెండూల్కర్ బతిమాలాడు. కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్, మేనేజర్ అజిత్ వాడేకర్ ఒప్పుకున్నారు. 49 బంతుల్లో 82 పరుగులు వచ్చాయి. అప్పటికి వన్డేల్లో ఒక్క సెంచరీ కూడా లేని ఆటగాడు ఆ తర్వాత 49 కొట్టాడు. విశాఖపట్నం వాళ్లకు స్థానం మార్చిన ప్రయోగాలు రెండు గుర్తుంటాయి. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌పై, కింది వరుసలో దిగుతూ వచ్చిన మహేంద్రసింగ్ ధోనిని గంగూలీ వన్‌డౌన్ పంపితే 148 కొట్టాడు. 2019 అక్టోబరులో రోహిత్ శర్మ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగి దక్షిణాఫ్రికాపై రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ సెంచరీ చేశాడు. రెండు ప్రయోగాలూ బ్యాటింగ్‌కు అనుకూలమైన పిచ్ మీద జరిగాయన్నది మరచిపోకూడదు. కొత్త స్థానాన్ని పరీక్షించాలంటే ఊరట ఉన్న చోటే పరీక్షించాలి.

పిచ్, వాతావరణం, బౌలర్

పరిస్థితిని బట్టి ఆర్డర్‌ను మొత్తంగా తిరగేసిన ఘనత డాన్ బ్రాడ్‌మన్‌ది. 1937 కొత్త సంవత్సరం నాటి మెల్‌బోర్న్ టెస్టు. ఆ రోజుల్లో పిచ్‌పై పట్టాలు కప్పేవారు కాదు. వానలో తడిసి, ఎండకు ఆరుతున్న పిచ్ జిగటగా మారితే బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇంగ్లండ్ 9 వికెట్లకు 76 దగ్గర డిక్లేర్ చేసింది, ఆస్ట్రేలియాను ఆ పిచ్ మీదకు లాగడానికే. బ్రాడ్‌మన్ లొంగలేదు. పదకొండో స్థానంలో దిగే ఫ్లీట్‌వుడ్-స్మిత్‌ను, తోకలోనే దిగే ఓరైలీని ఓపెనర్లుగా పంపాడు. పిచ్ ఆరే దాకా తోక ఖర్చైనా ఫర్వాలేదన్నది లెక్క. తాను ఏడో స్థానంలో, 5 వికెట్లకు 97 ఉన్నప్పుడు దిగి 270 కొట్టాడు. జాక్ ఫింగిల్టన్‌తో ఆరో వికెట్‌కు 346 పరుగులు జోడించాడు. ఆస్ట్రేలియా 365 పరుగులతో గెలిచింది. సాయంత్రం వేళ అసలు బ్యాటర్‌ను కాపాడటానికి పంపే నైట్‌వాచ్‌మన్ వెనక ఉన్నదీ ఇదే లెక్క, చిన్న మోతాదులో.

ఇప్పుడు పిచ్ మీద పట్టాలు కప్పుతారు కాబట్టి అలాంటి రోజులు రావు. నేటి కెప్టెన్ తలనొప్పులు వేరు: రాత్రి మ్యాచ్‌లో పడే మంచు, పవర్‌ప్లేలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు ఉండటం, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరి బౌలింగ్‌కు ఎవరు జోడీ అన్నది. స్పిన్ బంతి బ్యాటర్‌కు దూరంగా తిరిగితే ఆడటం కష్టం, లోపలికి తిరిగితే తేలిక. ఎడమచేతి స్పిన్నర్ బంతి కుడిచేతి వాటం ఆటగాడికి దూరంగా, ఎడమచేతి వాటం ఆటగాడికి లోపలికి వెళుతుంది. ఆఫ్ స్పిన్నర్ విషయంలో దీనికి వ్యతిరేకం.

2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోని చేసిన మార్పుకు మూలం ఈ చిన్న సూత్రమే. వాంఖడేలో లక్ష్యం 275. కోహ్లీ ఔటయ్యేసరికి స్కోరు 3 వికెట్లకు 114. ఆ టోర్నీ అంతా అదిరిపోయే ఫామ్‌లో ఉన్న యువరాజ్ సింగ్ ప్యాడ్లు కట్టుకుని ఉన్నాడు. కానీ శ్రీలంక ఆఫ్ స్పిన్నర్లు బౌలింగ్ చేస్తున్నారు. క్రీజులో ఉన్న గంభీర్ ఎడమచేతి వాటం, యువరాజ్‌దీ అదే. ముత్తయ్య మురళీధరన్ బంతులు ధోనికి చెన్నై జట్టు నెట్స్‌లో బాగా అలవాటు. తనే దిగాడు, 91 నాటౌట్. ఇక్కడ ఫామ్ ఒక మాట చెప్పింది, పరిస్థితి ఇంకో మాట చెప్పింది. కెప్టెన్ రెండోదాన్ని విన్నాడు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్లో అదే సూత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది. దక్షిణాఫ్రికా ఎడమచేతి స్పిన్నర్ కేశవ్ మహరాజ్ ఒకే ఓవర్లో రెండు వికెట్లు తీశాడు. ఐదో ఓవర్లో స్కోరు 3 వికెట్లకు 34. అప్పుడు ఎడమచేతి వాటం అక్షర్ పటేల్‌ను ముందుకు పంపారు. 31 బంతుల్లో 47 చేశాడు. భారత్ 7 పరుగులతో గెలిచింది.

ఒక సమావేశం, దగ్గర నుంచి

పైవన్నీ పెద్ద ఆటలు. అదే లెక్క కింది స్థాయిలో ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. జిల్లా స్థాయిలో 40 ఓవర్ల మ్యాచ్. డిసెంబరు, ఉదయం తొమ్మిదింటికి మొదలు. పిచ్ మీద బొటనవేలు నొక్కితే తేమ తగులుతోంది. టాస్ ఓడి ముందు బ్యాటింగ్ చేయాల్సి వచ్చింది. అవతలి జట్టులో ఇద్దరు మంచి పేసర్లు, ఒక ఎడమచేతి స్పిన్నర్. ఈ స్పిన్నర్ గత మ్యాచ్‌లో కుడిచేతి వాటం వాళ్లను ఐదుగుర్ని ఔట్ చేశాడు. కెప్టెన్ దగ్గర ఉన్న సమయం పది నిమిషాలు.

“మొదటి పది ఓవర్లు బంతి కదులుతుంది. నలభై వచ్చినా చాలు, రెండు కంటే ఎక్కువ వికెట్లు పోకూడదు. ఓపెనింగ్ మీరిద్దరే. రేయ్, నీ మూడు స్కోర్లూ ఎనిమిది, పన్నెండు, ఐదు అని నాకు తెలుసు. ఒకటి రనౌటు, ఒకటి లెగ్ సైడ్ పోయే బంతి. నువ్వు బంతి బాగానే వదుల్తున్నావు, ఇవాళ నాకు కావాల్సింది అదే.”

ఇక్కడ కెప్టెన్ ఫామ్‌ను స్కోర్లలో కాకుండా ఔటైన తీరులో చదివాడు. తర్వాతి మాట కష్టమైనది. అలవాటుగా వన్‌డౌన్ దిగే సీనియర్ గట్టిగా కొట్టే ఆటగాడు, ఆఫ్ స్టంప్ బయట బంతిని వెంటాడే అలవాటుంది.

“అన్నా, మీరు ఇవాళ ఐదు. పదో ఓవర్లోపు వికెట్ పడితే వన్‌డౌన్ కీపర్ వెళ్తాడు. పదిహేను దాటాక పడితే మాత్రం మీరే వన్‌డౌన్.”

“ఎందుకురా, పోయిన మ్యాచ్‌లో డెబ్బై కొట్టాగా?”

“కొట్టారు. అది ఎర్ర మట్టి పిచ్, మధ్యాహ్నం ఆట. ఇవాళ ఆఖరి పదిహేను ఓవర్లు మీరు ఉంటే మనకు రెండొందలు దాటతాయి. తొందరగా పంపి మిమ్మల్ని పోగొట్టుకుంటే నూట అరవై.”

సీనియర్‌కు పూర్తిగా నచ్చిందని చెప్పలేం. కానీ కారణం ఏమిటో అతనికి తెలిసింది. ఏ షరతు మీద పైకి వస్తాడో కూడా తెలిసింది. షరతు చెప్పకుండా ‘ఇవాళ ఐదు’ అని వదిలేసి ఉంటే ఆ మాట రోజంతా డ్రెస్సింగ్ రూమ్‌లో నలిగేది. కెప్టెన్ చివరి మాట జట్టులోని ఒకే ఒక్క ఎడమచేతి వాటం కుర్రాడితో. మామూలుగా అతను ఏడు.

“వాళ్ల లెఫ్టార్మ్ స్పిన్నర్ బంతి అందుకోగానే నువ్వు ప్యాడ్లు కట్టుకో. అప్పుడు పడే వికెట్‌కు ఎవరు వెళ్లాలన్నా ముందు నువ్వే. అతని ఎనిమిది ఓవర్లూ అయిపోయేదాకా వికెట్ పడకపోతే నీ ఏడు నీదే.”

ఆట ఇలా నడిచిందనుకుందాం. ఏడో ఓవర్లో మొదటి వికెట్, కీపర్ వెళ్లాడు. పది ఓవర్లకు 2 వికెట్లకు 34. అనుకున్నదానికి ఆరు పరుగులు తక్కువ, కానీ వికెట్ల లెక్క తప్పలేదు. పద్దెనిమిదో ఓవర్లో స్పిన్నర్ మూడో వికెట్ తీయగానే కుర్రాడు దిగాడు. అతను ముప్పై రెండే చేశాడు. అయితే స్పిన్నర్ తన లైను మార్చుకోవాల్సి వచ్చి, మిగిలిన ఓవర్లలో వికెట్ లేకుండా ముగించాడు. సీనియర్ ఇరవై ఎనిమిదో ఓవర్లో దిగాడు, ఎండ ఎక్కి పిచ్ ఆరిన తర్వాత. అతను నలభై ఐదు కొట్టాడా, ఐదుకే ఔటయ్యాడా అన్నది ఆటకే వదిలేయొచ్చు. ఆర్డర్ సరైనదా కాదా అని తేల్చాల్సింది ఎవరెంత కొట్టారన్నదాన్ని బట్టి కాదు. ప్రతి ఆటగాడూ తనకు చేతనైన బౌలింగ్ ఎదురుగా ఉన్న సమయంలో దిగాడా అన్నదాన్ని బట్టి. ఫలితం చూసి ఆర్డర్‌ను మెచ్చుకోవడం, తిట్టడం మన టీవీ చర్చల్లో ఎక్కువ, ఆటలో తక్కువ.

ఎక్కడ చెడుతుంది

సర్వసాధారణమైన తప్పు ఒక స్థానాన్ని ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేయడం. 2019 ప్రపంచకప్‌కు ముందు భారత వన్డే జట్టు నాలుగో స్థానం అలాగే ఉండిపోయింది. గుంటూరుకు చెందిన అంబటి రాయుడును 2018 చివరి నుంచి ఆ స్థానానికి సిద్ధం చేశారు. జట్టు ప్రకటించేటప్పుడు మాత్రం విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. అతను బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పారు. ఆయనదీ గుంటూరే కావడం యాదృచ్ఛికం. శంకర్ గాయంతో ఇంటికి వెళ్లాడు. మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్లో 240 లక్ష్యంతో దిగిన భారత్ తొలి మూడు వికెట్లను 5 పరుగులకే, నాలుగోదాన్ని 24 దగ్గర పోగొట్టుకుంది. నాలుగులో రిషభ్ పంత్, ఐదులో దినేశ్ కార్తీక్, ఆరులో హార్దిక్ పాండ్యా దిగారు. బంతి ఇంకా కదులుతున్న వేళ వికెట్ కాపాడగల ధోని మాత్రం ఏడులో వచ్చాడు. అతను, రవీంద్ర జడేజా కలిసి దగ్గరికి తెచ్చినా 18 పరుగులు తక్కువ పడ్డాయి. ధోనిని ఎందుకు అంత కిందికి ఉంచారన్న ప్రశ్న ఇప్పటికీ చర్చలో ఉంది. ఫినిషర్ పాత్రకు పరిస్థితి కంటే ఎక్కువ విలువ ఇచ్చారన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇన్నింగ్స్ ముందు నిలబడితేనే కదా, ముగించడానికి మనిషి కావాల్సింది.

రెండో తప్పు మరీ చిన్నదిగా కనిపిస్తుంది: తర్వాత ఎవరో చెప్పినా, అతని తర్వాత ఎవరో చెప్పకపోవడం. 2007 జనవరిలో కేప్‌టౌన్ టెస్టు నాలుగో రోజు, రెండో ఇన్నింగ్స్ మొదట్లోనే భారత్ ఓపెనర్లు ఇద్దరూ ఔటయ్యారు. స్కోరు 2 వికెట్లకు 6. నాలుగులో రావాల్సింది టెండూల్కర్. కానీ దక్షిణాఫ్రికా ఇన్నింగ్స్ చివర్లో అతను కాసేపు మైదానం బయట ఉన్నాడు. ఫీల్డింగ్‌లో బయట గడిపినంత సేపు గడిచేదాకా బ్యాటింగ్‌కు రాకూడదన్నది నియమం. ఆ సంగతి అంపైర్లు చెప్పాకే జట్టుకు తట్టింది. ఇంకెవరూ సిద్ధంగా లేరు. లక్ష్మణ్ స్నానం చేస్తున్నాడు. గంగూలీ హడావిడిగా తయారై మైదానంలోకి వచ్చేసరికి ఆరు నిమిషాలు గడిచాయి. మూడు నిమిషాల్లోపు రాని బ్యాటర్‌ను టైమ్డ్ ఔట్‌గా ప్రకటించమని అడిగే హక్కు ప్రత్యర్థికి ఉంది. దక్షిణాఫ్రికా కెప్టెన్ గ్రేమ్ స్మిత్ అడగలేదు.

ఇలాంటి ఇబ్బంది రాకూడదంటే సమావేశంలో తర్వాతి ఒక్కరి పేరుతో ఆగకుండా ఇద్దరి పేర్లు చెప్పాలి. పరిమిత ఓవర్ల ఆటలో అది మరీ అవసరం, ఎందుకంటే అంతర్జాతీయ వన్డేల్లో గడువు రెండు నిమిషాలే, టీ20ల్లో 90 సెకన్లే. 2023 నవంబరు 6న ఢిల్లీలో బంగ్లాదేశ్‌తో ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ క్రీజు దాకా వచ్చి కూడా, హెల్మెట్ పట్టీ తెగిపోవడంతో గడువు దాటిపోయి, ఒక్క బంతి ఆడకుండా వెనుదిరిగాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో టైమ్డ్ ఔటైన తొలి ఆటగాడు అతనే.